320 టన్నులు లేస్తే, ఒకటిముప్పావు టన్ను చేరుతుంది

శ్రీహరికోటలో ప్రయోగవేదిక మీద నిలబడిన పీఎస్ఎల్‌వీ ఎక్స్‌ఎల్ రాకెట్ బరువు 320 టన్నులు, ఎత్తు 44 మీటర్లు. 600 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో అది పెట్టగలిగే ఉపగ్రహం బరువు మాత్రం 1,750 కిలోలు. వెయ్యి కిలోలు లేస్తే అయిదున్నర కిలోలు చేరినట్టు. మిగిలినదంతా ఏమైంది? చాలావరకు మంటై, పొగై పోయింది. ఇంకొంత ఖాళీ ఉక్కు గొట్టాలుగా, ఖాళీ ట్యాంకులుగా బంగాళాఖాతంలోనూ హిందూ మహాసముద్రంలోనూ పడిపోయింది.

ఇది చూసి మన ఇంజినీర్లకు ఇంతకన్నా పొదుపుగా చేయడం రాలేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఏ దేశపు రాకెట్‌ను తీసుకున్నా లెక్క ఇలాగే ఉంటుంది. లేచిన బరువులో నూటికి మూడు నాలుగు వంతులు కక్ష్యకు చేరిస్తే అది చాలా మంచి రాకెట్. ఇలా ఎందుకుందో చెప్పే సమీకరణం ఒకటుంది. చూడటానికి ఒక్క వరుస. రాకెట్‌ను ముక్కలుగా కట్టి, దారిలో ఒక్కొక్క ముక్కనూ ఎందుకు వదిలేయాలో కూడా ఆ వరుసలోనే ఉంది.

ముందు ఒక అపోహ తొలగాలి. రాకెట్ పని ఎత్తుకు వెళ్లడం అని చాలామంది అనుకుంటారు. ఎత్తు అంత కష్టం కాదు. అంతరిక్షం మన తలమీద 100 కిలోమీటర్ల దూరంలోనే మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చేసిన వీ-2 క్షిపణికి ఒకే దశ ఉండేది. దాన్ని నిటారుగా వదిలితే ఆ ఎత్తు సులువుగా దాటేది. కానీ దాటిన కొన్ని నిమిషాలకే తిరిగి నేలమీద పడేది. పడకుండా ఉండాలంటే కావలసింది పక్కకు వేగం. 200 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగంతో భూమికి సమాంతరంగా దూసుకుపోతుంటే, ఆ వస్తువు ఎంత కిందికి పడుతుందో భూమి ఉపరితలం కూడా అంతే వంగిపోతూ ఉంటుంది. అందుకని అది పడుతూనే ఉంటుంది, నేలను మాత్రం తాకదు. కక్ష్య అంటే అంతే.

7.8తో లెక్క తీరదు. రాకెట్ నిటారుగా లేచే మొదటి క్షణాల్లో గురుత్వాకర్షణ ప్రతి సెకనుకూ దాని వేగంలోంచి సెకనుకు 9.8 మీటర్ల చొప్పున కోసేస్తూ ఉంటుంది. దట్టమైన గాలిని చీల్చుకుని పోవడానికి కొంత పోతుంది. దారి వంచుకోవడానికి ఇంకొంత పోతుంది. ఇవన్నీ కలిపి సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్లు. అంటే రాకెట్ తనలో ఉన్న ఇంధనంతో మొత్తం మీద సెకనుకు 9.4 కిలోమీటర్ల వరకూ వేగం సంపాదించుకోవాలి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, ఇకముందు లెక్కంతా దీనితోనే.

ఈ వేగం ఎక్కడినుంచి వస్తుంది? తనలో ఉన్న పదార్థాన్ని రాకెట్ మండించి వాయువుగా మార్చి, ఆ వాయువును వెనక్కి చిమ్ముతుంది. వెనక్కి పోయేది ఎంత బరువో, ఎంత వేగంతో పోతుందో దాన్నిబట్టి రాకెట్ ముందుకు జరుగుతుంది. నెట్టడానికి నేల అక్కర్లేదు, గాలి అక్కర్లేదు. కానీ చిమ్మడానికి కావలసింది మొత్తం తనే మోసుకెళ్లాలి. విమానం ఇంజిన్ మంటకు కావలసిన ఆక్సిజన్‌ను దారిలో ఉన్న గాలిలోంచి తీసుకుంటుంది. రాకెట్‌కు ఆ వెసులుబాటు లేదు, ఆక్సిజన్‌నూ వెంట తీసుకుపోవాలి. ఈ వ్యాసంలో ఇంధనం అన్నప్పుడల్లా మండేదీ, మండించేదీ రెండూ కలిపే అంటున్నాను.

విజయవాడలో బయల్దేరిన లారీకి ఢిల్లీ దాకా ఒక్క డీజిల్ బంకు కూడా లేదనుకోండి. డీజిలంతా వెంట తీసుకుపోవాలి. ఆ డీజిల్ బరువును లాగడానికి ఇంకొంత డీజిల్ కావాలి, ఆ ఇంకొంతను లాగడానికి మరికొంత. లారీకి ఈ బెడద లేదు, ఎందుకంటే దాని బరువులో డీజిల్ వంతు చాలా తక్కువ. రాకెట్ బరువులో నూటికి 85 నుంచి 90 వంతులు ఇంధనమే. మొదటి నిమిషంలో రాకెట్ చేసే పని ప్రధానంగా ఉపగ్రహాన్ని ఎత్తడం కాదు, తర్వాతి నిమిషాల్లో మండబోయే ఇంధనాన్ని ఎత్తడం.

ఈ చిక్కును లెక్కలోకి దించినవాడు రష్యాలోని కలూగా పట్టణంలో బడిపంతులుగా పనిచేసిన కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి దాదాపు పోయింది. పాఠశాల చదువు సరిగ్గా సాగలేదు, పుస్తకాలు చదివి సొంతంగా గణితం నేర్చుకున్నాడు. కక్ష్యకు చేరే రాకెట్ అన్నది ప్రపంచంలో ఎక్కడా లేని రోజుల్లో, 1903లో, ఈ సమీకరణాన్ని అచ్చు వేయించాడు. అదిది:

Δv = ve × ln(m0/m1)

Δv అంటే రాకెట్ సంపాదించుకునే వేగం. ve అంటే వాయువు వెనక్కి పోయే వేగం. m0 మొదలుపెట్టినప్పటి మొత్తం బరువు, m1 ఇంధనం అయిపోయాక మిగిలిన బరువు. ln అన్నది సంవర్గమానం. ఆ పేరు వినగానే లెక్కల తరగతి గుర్తొచ్చి భయపడేవాళ్లకు, ఇక్కడ దాని అర్థం ఒక్క మాటలో చెప్పవచ్చు: మిగిలిన బరువు సగానికి తగ్గిన ప్రతిసారీ ఒకే మోతాదులో వేగం పెరుగుతుంది.

ఆ మోతాదు ఎంత? మంచి రాకెట్ ఇంజిన్‌లో వాయువు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతుంది. అలాంటి ఇంజిన్‌కు ఒక్కో సగానికి సెకనుకు 2.08 కిలోమీటర్లు వస్తాయి. 100 టన్నుల రాకెట్‌ను తీసుకుందాం. 50 టన్నులు మండించేస్తే 2.08 కిలోమీటర్ల వేగం. మిగిలిన 50లో 25 మండిస్తే 4.16. ఆ 25లో పన్నెండున్నర మండిస్తే 6.24. మిగిలింది ఆరుంపావు టన్నులకు తగ్గేసరికి 8.3. మనకు కావలసిన 9.4 చేరేసరికి 100 టన్నుల్లో మిగిలేది 4.4 టన్నులు మాత్రమే. మొదటి 50 టన్నులు ఇచ్చిన వేగం ఎంతో, చివర్లో ఆరుంపావు టన్నులు ఇచ్చిన వేగం కూడా అంతే. ఇంకోలా చూస్తే, వేగం కొంచెం పెరగాలన్నా మొదట్లో మోయవలసిన బరువు రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది.

మిగిలిన ఆ 4.4 టన్నుల్లో ఏమేం ఇమడాలో చూడండి. 95.6 టన్నుల ఇంధనాన్ని పట్టిన ట్యాంకులు, ఇంజిన్లు, పంపులు, గొట్టాలు, రాకెట్‌ను నిటారుగా నిలబెట్టిన చట్రం, దారి చూపే యంత్రాలు. ఇవన్నీ కాక ఉపగ్రహం. ఎంత నేర్పుగా కట్టినా ట్యాంకులూ ఇంజిన్లూ కలిపి నిండు రాకెట్ బరువులో 8 శాతం ఉంటాయనుకుందాం. ద్రవ ఇంధనం రాకెట్‌కు ఇది మంచి అంకె. 8 టన్నులు అక్కడే అయిపోయాయి. ఉన్న చోటు 4.4. ఉపగ్రహం మాట దేవుడెరుగు, రాకెట్‌కే చోటు చాలలేదు. ఉపగ్రహం లేకుండా వట్టి రాకెట్‌నే ఎగరేసినా 92 టన్నులు మండి 8 మిగిలేసరికి సెకనుకు 7.6 కిలోమీటర్లు మాత్రమే వస్తుంది. 9.4కు చేరదు.

ఇక్కడ ఇంజినీరు ముందున్న దారులు రెండే. ఒకటి, వాయువు పోయే వేగం పెంచడం. ఇది రసాయనశాస్త్రం చేతిలో ఉంది. ఘన ఇంధనం ఇచ్చేది సెకనుకు రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు, కిరోసిన్‌తో ద్రవ ఆక్సిజన్ 3.3 దాకా, ద్రవ హైడ్రోజన్‌తో ద్రవ ఆక్సిజన్ దాదాపు నాలుగున్నర. వాడుకలో ఉన్నవాటిలో అంతకు మించినది లేదు. హైడ్రోజన్ వాడితే 100 టన్నుల్లో 12 మిగులుతాయి, వినడానికి బాగానే ఉంది. కానీ ద్రవ హైడ్రోజన్ నీటిలో పద్నాలుగో వంతు బరువే ఉంటుంది. దాన్ని పట్టడానికి పెద్ద పెద్ద ట్యాంకులు కావాలి. పైగా మైనస్ 253 డిగ్రీల చలిని అవి తట్టుకోవాలి. గెలుచుకున్నదంతా ట్యాంకుల బరువుకే పోతుంది. ఒకే దశతో కక్ష్యకు వెళ్లి తిరిగొచ్చే వాహనం కోసం అమెరికాలో ఎక్స్-33 అన్న నమూనా మొదలుపెట్టారు. బరువు తగ్గించడానికి మిశ్రమ పదార్థంతో చేసిన దాని హైడ్రోజన్ ట్యాంకు 1999లో పరీక్షలో చెడిపోయింది. 2001లో ఆ పథకమే ఆగిపోయింది.

రెండో దారి, పని అయిపోయిన బరువును మోయకపోవడం. సమీకరణంలో m1 అన్నది ఇంధనం అయిపోయాక మిగిలిన బరువు. అందులో ఖాళీ ట్యాంకు కూడా ఉంది. ఖాళీ అయిన ట్యాంకును ఇంకా తోసుకుపోవడంలో అర్థం లేదు. దాన్ని వదిలేసి, మిగిలిన చిన్న రాకెట్‌తో లెక్క మళ్లీ కొత్తగా మొదలుపెట్టవచ్చు.

అదే 100 టన్నులను రెండు దశలుగా కట్టి చూద్దాం. 9.4ను చెరి సగం పంచుకుంటాయి, ఒక్కో దశకు 4.7. మొదటి దశ మండేసరికి 79 టన్నుల ఇంధనం పోయి 21 టన్నులు మిగులుతుంది. అందులో ఖాళీ అయిన మొదటి దశ బరువు సుమారు 7 టన్నులు. దాన్ని విడదీసి వదిలేస్తాం. చేతిలో 14 టన్నుల రాకెట్ ఉంది, అప్పటికే సెకనుకు 4.7 కిలోమీటర్ల వేగంలో ఉంది. ఇప్పుడు దీని ఇంజిన్ వెలుగుతుంది. 11 టన్నుల ఇంధనం మండాక మూడు టన్నులకు కాస్త తక్కువ మిగులుతుంది. అందులో రెండో దశ ట్యాంకూ ఇంజినూ కలిపి ఒక టన్ను. మిగిలిన రెండు టన్నులు ఉపగ్రహం. ఇంజిన్ మారలేదు, ఇంధనం మారలేదు, కట్టిన పద్ధతి మారలేదు. అసాధ్యమన్నది కాస్తా రెండు టన్నులైంది. మారింది ఒక్కటే, మధ్యలో 7 టన్నులను వదిలిపెట్టాం.

వేగాన్ని ఇలా సగం సగం పంచడం లెక్క సులువు కోసం చేసింది. నిజం రాకెట్లలో కింది దశ తక్కువ వేగం ఇచ్చి, పై దశలు ఎక్కువ ఇస్తాయి. విషయం మాత్రం అదే. అయితే మరి మూడు దశలు కడితే? అదే లెక్కకు రెండు టన్నుల ఆరు వందల కిలోలు వస్తుంది. నాలుగు కడితే రెండు టన్నుల ఎనిమిది వందలు. అనంతంగా దశలు కట్టగలిగినా 3.3 టన్నులు దాటదు. మొదటి ఒక్క కోతలో సున్నా నుంచి రెండు టన్నులకు దూకిన లాభం, తర్వాతి కోతల్లో వందల కిలోలకు పడిపోతుంది. అదే సమయంలో ప్రతి కొత్త దశకూ ఇంకో ఇంజిన్, ఇంకో విడదీసే అమరిక, చెడిపోవడానికి ఇంకో అవకాశం తోడవుతాయి. అందుకే ప్రపంచంలోని రాకెట్లు రెండు, మూడు, నాలుగు దశల దగ్గరే ఆగాయి.

దశలుగా కట్టాలన్న ఆలోచన కూడా త్సియోల్కోవ్‌స్కీ కన్నా ముందే కొందరికి తట్టింది, అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1914లోనే దానిమీద పేటెంట్ పొందాడు. త్సియోల్కోవ్‌స్కీ 1929లో రాకెట్ రైలుబండి అన్న పేరుతో దానికి పూర్తి లెక్క కట్టాడు. కళ్లముందు రుజువైంది 1949 ఫిబ్రవరి 24న. అమెరికాలోని వైట్‌శాండ్స్‌లో ఒక వీ-2 మీద చిన్న వాక్ కార్పొరల్ రాకెట్‌ను నిలబెట్టి ఎగరేశారు. వీ-2 తన పని పూర్తిచేశాక చిన్నది విడిపోయి మండింది. ఒంటరి వీ-2 చేరే ఎత్తుకు రెట్టింపు పైగా, దాదాపు 390 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది.

ఇప్పుడు మన పీఎస్ఎల్‌వీకి వద్దాం. దానికి నాలుగు దశలు, ఆపైన చుట్టూ ఆరు చిన్న మోటార్లు. ఇన్ని ఎందుకో లెక్క తెలిశాక అర్థమవుతుంది. మొదటి దశలో ఘన ఇంధనం ఉంది, 138 టన్నులు. ఘన ఇంధనపు మోటారులో ఇంధనాన్ని పట్టిన గొట్టమే మంట మండే గది కూడా. ఆ ఒత్తిడిని తట్టుకోవాలంటే అది గట్టి ఉక్కుతో చేయాలి. అందుకే మొదటి దశ ఖాళీ అయ్యాక మిగిలే బరువు దాదాపు 30 టన్నులు. మనం మంచి రాకెట్‌కు అనుకున్న 8 శాతానికి రెట్టింపు పైమాటే. చిమ్మే వాయువు వేగం కూడా ద్రవ ఇంధనం కన్నా తక్కువ. ఘన ఇంధనం చవక, తయారీ మనకు బాగా వచ్చిన పని, నేలనుంచి లేపడానికి కావలసిన తోపు దండిగా ఇస్తుంది. ఆ లాభాలకు బదులుగా దశల సంఖ్య పెరిగింది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన మన మొదటి రాకెట్ ఎస్ఎల్‌వీ-3 పూర్తిగా ఘన ఇంధనంతో నడిచింది. దానికీ నాలుగు దశలే. 17 టన్నులు లేచి 35 కిలోల ఉపగ్రహాన్ని చేర్చింది.

ఆ 30 టన్నుల ఉక్కును వదలకుండా తీసుకెళితే ఏమవుతుందో చూద్దాం. రెండో దశలో వికాస్ ఇంజిన్ ఉంది, దాదాపు 42 టన్నుల ద్రవ ఇంధనం. మొదటి దశను వదిలేశాక రెండో దశ మండితే సెకనుకు 3 కిలోమీటర్లకు పైగా వేగం వస్తుంది. 30 టన్నులు వెనక వేలాడుతుంటే అదే ఇంధనం, అదే ఇంజిన్ 2 కిలోమీటర్లు కూడా ఇవ్వలేవు. నాలుగో దశలో ఉండే ఇంధనం రెండున్నర టన్నులే. ముప్పై టన్నుల ఉక్కును తోస్తూ అది మండితే ఫలితం ఎంత స్వల్పమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది, నాకు ఈ రాకెట్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది. కింది నుంచి పైకి పోతుంటే దేనితో కట్టారో గమనించండి. మొదటి దశ గొట్టం మరేజింగ్ ఉక్కు. రెండో దశ ట్యాంకులు అల్యూమినియం మిశ్రమం. మూడో దశ ఘన మోటారు గొట్టం కెవ్లార్ నారతో చుట్టినది. నాలుగో దశ ట్యాంకులు టైటానియం. పైకి పోయేకొద్దీ పదార్థం తేలికవుతోంది, ఖరీదు పెరుగుతోంది. కారణం ఆ సమీకరణంలోనే ఉంది. చివరి దశ కక్ష్య దాకా వెళుతుంది కాబట్టి, దాని బరువులో ఒక్క కిలో పెరిగితే ఉపగ్రహంలో సరిగ్గా ఒక కిలో కోత. మొదటి దశలో ఒక కిలో పెరిగితే కోత అందులో చిన్న భాగమే, ఎందుకంటే ఆ కిలో దారిలో తొందరగా పడిపోతుంది. కింద పదుల కిలోలు మిగిల్చే పనికన్నా పైన రెండు కిలోలు మిగిల్చే పని విలువైనది. డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ సంస్థ ఇంజినీర్లకు సమీకరణమే చెప్పింది.

విడదీయడం కాగితం మీద ఒక గీత. నిజంలో అది సెకన్లలో, ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో పోతూ జరిగే పని. పీఎస్ఎల్‌వీ మొదటి దశ దాదాపు 110 సెకన్లలో అయిపోతుంది. రెండు దశలను కలిపే లోహపు కట్టును పేలుడు పదార్థం చుట్టూ ఒకేసారి కోసేస్తుంది. కింది దశకు అమర్చిన చిన్న రాకెట్లు దాన్ని వెనక్కి లాగుతాయి. ఆ క్షణంలో పై దశ ట్యాంకుల్లో ఇంధనం అడుగుకు చేరి ఉండాలి, లేకపోతే పంపుల్లోకి వాయువు దూరి ఇంజిన్ చెడుతుంది. అందుకని ఇంకొన్ని చిన్న రాకెట్లు పై దశను కాస్త ముందుకు తోసి, ఇంధనాన్ని అడుగున నిలుపుతాయి. అప్పుడు ఇంజిన్ వెలుగుతుంది.

ఇందులో ఎంత చిన్నది తప్పినా ఎంత పెద్ద నష్టమో 2008 ఆగస్టు 3న కనిపించింది. పసిఫిక్ మహాసముద్రంలోని క్వాజలిన్ దీవుల నుంచి స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్-1 రాకెట్‌ను మూడోసారి ఎగరేసింది. మొదటి దశ బాగా మండింది, ఇంజిన్ ఆగింది, దశలు విడిపోయాయి. విడిపోయాక కింది దశ ముందుకొచ్చి పై దశను గుద్దింది. ఇంజిన్ ఆగాక కూడా అందులో మిగిలిపోయిన కొద్దిపాటి ఒత్తిడి దాన్ని తోసింది. ఆ ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తక్కువ. అందుకే నేలమీద పరీక్షించినప్పుడు తోపుగా కనబడలేదు. గాలి లేనిచోట అదే తోపైంది. సంస్థ చేసిన మార్పు ఇంజిన్ ఆగడానికీ దశలు విడిపోవడానికీ మధ్య సమయం కొన్ని సెకన్లు పెంచడం. సెప్టెంబరు 28న నాలుగో ప్రయత్నం కక్ష్యకు చేరింది.

వదలవలసినది వదలకపోతే ఏమవుతుందన్నదానికి మన దగ్గరే స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2017 ఆగస్టు 31న సాయంత్రం శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సి39 లేచింది. దానిలో 1,425 కిలోల ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్ అన్న మార్గదర్శక ఉపగ్రహం ఉంది. రాకెట్ ముక్కున ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణకవచం ఒకటి ఉంటుంది. గాలి రాపిడినుంచి కాపాడటం దాని పని. గాలి పలచబడ్డాక, 110 కిలోమీటర్ల ప్రాంతంలో, అది రెండు చీలికలై పడిపోవాలి. ఆ రోజు పడలేదు. ఉపగ్రహంతో దాదాపు సమానమైన బరువు, ఒక టన్నుకు పైగా, రాకెట్‌కు అంటుకునే ఉండిపోయింది.

ఇంజిన్లు ఏ ఒక్కటీ చెడలేదు. అన్ని దశలూ మండాయి, విడిపోయాయి. నియంత్రణ కేంద్రంలో రాకెట్ ఎంత వేగంతో పోవాలో ముందే గీసిన రేఖ ఒకటుంటుంది, నిజంగా పోతున్న వేగం దాని పక్కనే గీసుకుంటూ వస్తుంది. ఇంజిన్ తోపు సరిగ్గా ఉండి కూడా రెండో రేఖ మొదటిదానికన్నా కిందికి జారుతుంటే, మోస్తున్న బరువు అనుకున్నదానికన్నా ఎక్కువని అర్థం. నాలుగో దశ లెక్క వేసి చూడండి. రెండున్నర టన్నుల ఇంధనం, దశ ఖాళీ బరువు దాదాపు 900 కిలోలు, ఉపగ్రహం 1,425. సమీకరణంలో పెడితే సెకనుకు 2.2 కిలోమీటర్లు వస్తాయి. దానికి కవచం బరువు కలిపితే 1.6కు పడిపోతుంది. మూడో దశ కూడా తన వంతు కోల్పోయింది. ఉపగ్రహం అత్యధికంగా 20,650 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లే కక్ష్య చేరవలసింది, 6,550 కిలోమీటర్ల దగ్గర ఆగింది. పైగా కవచం లోపలే విడిపోయి అందులోనే బందీ అయింది. ఒక టన్ను తేడాకు కక్ష్య మూడో వంతుకు తగ్గింది.

దారి వంచుకోవడానికి కూడా ధర ఉంటుంది. ధ్రువాల మీదుగా కక్ష్యలోకి వెళ్లాలంటే రాకెట్ తిన్నగా దక్షిణానికి పోవాలి. శ్రీహరికోటకు దక్షిణాన శ్రీలంక ఉంది. ఖాళీ దశలు జనం మీద పడకూడదు కాబట్టి పీఎస్ఎల్‌వీ మొదట ఆగ్నేయంగా వెళ్లి, సముద్రం మీద మలుపు తీసుకుని దక్షిణానికి తిరుగుతుంది. ఆ మలుపుకు అయ్యే ఇంధనం ఉపగ్రహం బరువులోంచే కోసుకోవాలి. దశలు వదిలే ప్రతి రాకెట్‌కూ అవి పడేందుకు ఖాళీ సముద్రమో, ఎడారో కావాలి.

ఈమధ్య వదిలిన దశను వెనక్కి తెచ్చుకోవడం మొదలైంది. 2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్-9 మొదటి దశ ఉపగ్రహాలను పంపాక తిరిగొచ్చి నేలమీద నిటారుగా దిగింది. దీంతో దశల అవసరం తీరిపోయిందని అనుకోకూడదు. విడిపోవడం అలాగే ఉంది, పడిపోయేది మాత్రం దిగుతోంది. దిగడానికి ఇంధనం మిగిల్చుకోవాలి, కాళ్లు మోయాలి, దాంతో ఉపగ్రహం బరువు తగ్గుతుంది. మొదటి దశలో ఈ అదనపు బరువు భరించవచ్చు, ఎందుకంటే అక్కడి కిలోకు ఉపగ్రహంలో పడే కోత కొద్దిపాటిదే. పైగా అది విడిపోయేసరికి వేగం సెకనుకు సుమారు 2 కిలోమీటర్లే కాబట్టి తిరిగి రావడానికి పెద్ద కవచం అక్కర్లేదు. రెండో దశ సంగతి వేరు. అది కక్ష్య వేగంలో ఉంది. దాన్ని తిరిగి తేవాలంటే సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దిగే వేడిని తట్టుకునే కవచం కట్టాలి. ఆ కవచంలో ప్రతి కిలో ఉపగ్రహంలో ఒక కిలో తినేస్తుంది. అందుకే ఫాల్కన్-9 మొదటి దశను మళ్లీ మళ్లీ ఎగరేస్తున్నారు, రెండో దశను ఇప్పటికీ ప్రతిసారీ కొత్తగా చేస్తున్నారు.